అగరొత్తులు సగం కాలి ఆరిపోతున్నాయి: తప్పు పిండిలోనా, సెంటులోనా?

గాజువాక లక్ష్మి | ఆగస్టు 19, ఉదయం 10:20

అందరికీ నమస్కారం. నేనూ మా తోడికోడలూ కలిసి గాజువాకలో మా ఇంటి మేడ మీద అగరొత్తులు చేస్తున్నాం. ఒక ఆటోమేటిక్ మిషను ఉంది. మొదలుపెట్టి ఏడాదిన్నర అయ్యింది. వేసవి అంతా ఏ గొడవా లేదు. జూలై చివరి నుంచి ఒకటే తలనొప్పి. వెలిగిస్తే చక్కగా అంటుకుంటుంది, వాసన కూడా బాగుంటుంది, తీరా సగం దాకా కాలి ఆరిపోతుంది. మళ్లీ వెలిగిస్తే ఇంకో అంగుళం కాలి మళ్లీ ఆరిపోతుంది.

పూర్ణా మార్కెట్‌లో మా సరుకు పెట్టే షాపాయన మొన్న 40 ప్యాకెట్లు వెనక్కి పంపేశాడు. "పూజ మధ్యలో ఆరిపోయిందమ్మా, అపశకునం అని కస్టమర్లు తిడుతున్నారు" అన్నాడు. శ్రావణ మాసం, అమ్మకాలు బాగుండాల్సిన టైములో ఇదీ పరిస్థితి.

మేం కలిపే లెక్క ఇది: బొగ్గుపొడి 4 కిలోలు, కట్టెపొడి 4 కిలోలు, పిండిని అంటించే జిగట్ పొడి 2 కిలోలు, నీళ్లు ఆరున్నర లీటర్లు. పుల్ల 8 అంగుళాలది. మిషను నుంచి వచ్చిన బత్తీలను కట్టలు కట్టి ఫ్యాను కింద రెండు రోజులు ఆరబెడతాం. తర్వాత సెంటులో ముంచుతాం. సెంటు ఒక వంతు, దాన్ని పలచన చేసే డీఈపీ నూనె నాలుగు వంతులు. ఈ లెక్క వేసవిలోనూ ఇదే. మారిందల్లా ఒకటే, జూలైలో జిగట్ కొత్త బస్తా విప్పాం. అందులో కల్తీ ఉందేమో అని నా అనుమానం. ఎవరైనా చెప్పగలరా?

కంచరపాలెం కుర్రాడు | ఆగస్టు 19, ఉదయం 10:41

అక్కా, ఇది సింపుల్. బొగ్గు తక్కువైంది. కాలేది బొగ్గే కదా, 4 బదులు 6 కిలోలు వెయ్యి. అప్పటికీ ఆరిపోతే పిండిలో కొంచెం సురేకారం కలుపు. మా మావయ్య అలాగే చేసేవాడు, గాలివానలో పెట్టినా ఆరేది కాదు.

సీతమ్మధార శాంతి | ఆగస్టు 19, ఉదయం 11:15

నాదీ ఇదే సమస్య! పూజలో వాడిన చామంతులు, గులాబీలు ఎండబెట్టి మిక్సీలో పొడి చేసి, కొంచెం తేనె, నెయ్యి, కర్పూరం కలిపి పుల్లలకి చుట్టాను. అసలు అంటుకోనే లేదు. మా ఆయన గ్యాస్ పొయ్యి మీద పెట్టి వెలిగించారు, ఇల్లంతా గడ్డి తగలబడిన వాసన. లక్ష్మి గారూ, మీరు తేనె ఎంత వేస్తున్నారు?

బత్తిల మాస్టారు | ఆగస్టు 19, మధ్యాహ్నం 1:30

లక్ష్మమ్మా, జిగట్ మీద నేరం మోపే ముందు కొన్ని ప్రశ్నలకి జవాబు చెప్పు. విజయనగరంలో పాతికేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. పీట మీద చేత్తో చుట్టించిన రోజుల నుంచి మిషన్ల దాకా చూశాను. ఆరిపోయే బత్తి ఎందుకు ఆరిందో, ఎక్కడ ఆరిందో చూస్తే సగం తెలిసిపోతుంది.

అందుకని ఒక పని చెయ్యి. ఒకే రోజు తీసిన సరుకులోంచి సెంటు వెయ్యని పచ్చి బత్తీలు ఐదు, సెంటు వేసినవి ఐదు తీసుకుని, ఫ్యాను ఆపేసి, ఒకేసారి వెలిగించు. ఆరిపోయిన ప్రతిదానికీ మసి నుంచి కింది దాకా మిగిలిన పిండి ఎంత పొడవుందో స్కేలు పెట్టి కొలువు. అన్నీ ఇంచుమించు ఒకే చోట ఆరాయా, ఒక్కోటి ఒక్కో చోట ఆరిందా? ఈ రెండింటికీ కారణాలు వేరు. ఒక్కోటి ఒక్కో చోట ఆరితే పిండి కలపడంలో తేడా ఉన్నట్టు. జిగట్ ఉండలు కట్టినచోట నిప్పుకి గాలి అందదు, అక్కడ ఆగిపోతుంది. అన్నీ ఒకే చోట ఆరితే పిండిని పక్కన పెట్టి, ఆరబెట్టడం, ముంచడం చూడాలి.

బాబూ కంచరపాలెం, నువ్వు చెప్పింది సగం నిజమే. కాలేది బొగ్గే. కానీ బొగ్గు పెరిగేకొద్దీ సెంటునీ ఎక్కువ పీలుస్తుంది. డీఈపీ ఎక్కువ పట్టిన బత్తిలో నిప్పు చల్లబడుతుంది. నువ్వు ఇచ్చిన మందే జబ్బు అవుతుంది. ఇక సురేకారం సంగతి, వేస్తే ఆరదు, నిజమే. కానీ అరగంట కాలాల్సిన బత్తి ఆదరాబాదరాగా అయిపోతుంది, చిటపటమని రవ్వలు లేస్తాయి, పట్టుచీర మీద పడితే చిల్లు. పైగా లోపల ఉన్న తప్పు అలాగే ఉండిపోతుంది. నేనైతే వాడను, వాడమని చెప్పను.

శాంతమ్మా, నీది వేరే కథ. అందులో బొగ్గూ లేదు, జిగటా లేదు. నెయ్యి, తేనె కలిసిన తడి పూలపొడి నిప్పు పట్టుకోదు. దాని గురించి వేరే చర్చ పెట్టు, చెబుతాను.

కంచరపాలెం కుర్రాడు | ఆగస్టు 19, మధ్యాహ్నం 1:52

సరే మాస్టారూ. పట్టుచీర దాకా నేను ఆలోచించలేదు. మా మావయ్యవి గుడి బయట అమ్మేవి, ఎవరి చీర ఏమైందో ఎవరికి తెలుసు.

పాడేరు పిల్లగాడు | ఆగస్టు 19, సాయంత్రం 4:05

జిగట్ అనే మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మీరందరూ బస్తాలో పొడిగా చూసేది మా ఏజెన్సీలో నరమామిడి చెక్క. చెట్టు బెరడు. మా తాత కొడవలితో చెక్క ఒలిచి, ఎండబెట్టి, మోపులు కట్టి సంతకి తీసుకెళ్లేవాడు. గిరిజన సహకార సంస్థ జీసీసీ వాళ్లు కూడా కొనేవారు. చిన్నప్పుడు ఆ చెక్క ముక్క నోట్లో వేసుకుని నమిలేవాళ్లం, బెండకాయలా జారుడు జిగురు వస్తుంది. చుట్టూ మొత్తం ఒలిచేస్తే చెట్టు చచ్చిపోతుంది. ఒక పక్క వదిలేసి ఒలవాలి అని తాత తిట్టేవాడు. ఇప్పుడు మా ఊరి చుట్టుపక్కల పెద్ద చెట్టు కనబడాలంటే పైకి నడవాలి. అందుకే వ్యాపారులు వేరే బెరళ్లు కలుపుతారు అంటారు. లక్ష్మి గారి అనుమానం పూర్తిగా తీసెయ్యలేం.

పరీక్ష కూడా తేలికే. ఒక చెంచా పొడిలో కొంచెం కొంచెంగా నీళ్లు పోసి పిసికి, పది నిమిషాలు వదిలెయ్యండి. మంచిదైతే ఉబ్బి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య లాగితే తీగలా సాగుతుంది. కల్తీ ఎక్కువైతే ఇసకలా గరగరలాడుతూ తెగిపోతుంది.

భీమిలి రాజు | ఆగస్టు 19, సాయంత్రం 5:37

అండీ, మిషను ఎంత పడింది? సబ్సిడీ వచ్చిందా? నేను కూడా పెడదామని చూస్తున్నాను.

గాజువాక లక్ష్మి | ఆగస్టు 19, రాత్రి 9:10

రాజు గారూ, మాకు సబ్సిడీ రాలేదు, డ్వాక్రా లోను తీసుకున్నాం. మిగతా సంగతులు తర్వాత చెబుతాను.

మాస్టారు గారూ, మీరు చెప్పినట్టే చేశాను. పచ్చి బత్తీలు ఐదుకి ఐదూ చివరి దాకా కాలాయి. సెంటువి ఐదులో నాలుగు ఆరిపోయాయి. నాలుగూ ఇంచుమించు ఒకే చోట, కింద పిండి మూడు అంగుళాలు మిగిలి ఉండగా. అయితే తప్పు సెంటుదే కదా? పాడేరు తమ్ముడు చెప్పిన జిగట్ పరీక్ష కూడా చేశాను, తీగ బాగానే సాగింది. అనవసరంగా ఆ డీలరుని అనుమానించాను.

పరవాడ కిట్టు | ఆగస్టు 19, రాత్రి 10:02

ఫార్మా సిటీలో పని చేస్తాను, కాబట్టి డీఈపీ నాకు కొత్త కాదు. దాని పేరు డైఇథైల్ థాలేట్. మరిగే ఉష్ణోగ్రత 295 డిగ్రీల దగ్గర ఉంటుంది, అంటే ఎన్ని రోజులు ఆరబెట్టినా బత్తిలోంచి పోదు. సెంటుని పట్టి ఉంచేది అదే, ఎక్కువైతే నిప్పుని నొక్కేసేదీ అదే. ఇంకో అనుమానం, తక్కువ ధరకి దొరికే డీఈపీలో వైట్ ఆయిల్ కలిపి అమ్ముతుంటారు. దానితో పొగ నల్లగా వస్తుంది. అసలు డీఈపీ మానేసి డీపీజీ అనే ఇంకో ద్రావకానికి మారండి.

బత్తిల మాస్టారు | ఆగస్టు 20, ఉదయం 6:45

లక్ష్మమ్మా, తొందరపడకు. ఒక ప్రశ్న. ఆ పచ్చి బత్తీలు ఏ రోజు తీసినవి? సెంటువాటితో పాటు అదే రోజు తీసినవేనా?

కిట్టు గారూ, డీపీజీ గాల్లో తేమని లాక్కుంటుంది. వైజాగ్ లాంటి సముద్రం పక్క ఊళ్లో, వానాకాలంలో, ఇప్పటికే ఆరని సరుకుకి దాన్ని తగిలిస్తే ఏమవుతుందో మీకే తెలియాలి.

పరవాడ కిట్టు | ఆగస్టు 20, ఉదయం 8:20

ఆ లాక్కునేది ఎంత మాస్టారూ, బత్తిలో ఉండేదే కాస్త. సీలు చేసిన కవర్లో ఉంటే ఏమీ కాదు. థాలేట్ల మీద విదేశాల్లో అభ్యంతరాలు ఉన్నాయి, ఎగుమతి చేసేవాళ్లు ఎందుకు మానుకుంటున్నారో చూడండి.

బత్తిల మాస్టారు | ఆగస్టు 20, ఉదయం 8:34

ఎగుమతి సంగతి వేరు. ఆమె సరుకు పూర్ణా మార్కెట్‌కి వెళ్లేది. ముందు బత్తి కాలనివ్వండి, తర్వాత దేనితో కాలాలో పోట్లాడుకుందాం.

గాజువాక లక్ష్మి | ఆగస్టు 20, ఉదయం 11:00

అయ్యో మాస్టారు గారూ, మీరు అడిగాక మా తోడికోడల్ని అడిగాను. నేను వెలిగించిన పచ్చి బత్తీలు మేలో తీసినవట! ఎండలో ఆరినవి, కవర్లో మిగిలిపోయాయి. సెంటువి ఆగస్టు సరుకు. ఇప్పుడు ఆగస్టు 16న తీసిన పచ్చివే ఐదు వెలిగించాను. మూడు ఆరిపోయాయి. అవీ కింద మూడు అంగుళాల దగ్గరే.

బత్తిల మాస్టారు | ఆగస్టు 20, మధ్యాహ్నం 12:15

అదీ సంగతి. సెంటు వెయ్యకముందే ఆరుతున్నాయంటే సెంటు ఒక్కటే దొంగ కాదు. ఇప్పుడు తూకం వెయ్యి. ఆగస్టు 16 పచ్చి బత్తీలు వంద లెక్కపెట్టి, చిన్న కాటాలో తూచి, రాసుకో. వాటిని విడివిడిగా పరిచి ఎండలో పెట్టు. ఎండ లేకపోతే వంటింట్లో పొయ్యికి దూరంగా, వెచ్చగా ఉండే చోట పెట్టు. మర్నాడు తూచు, ఆ మర్నాడు తూచు. బరువు ఇక తగ్గకపోతే ఆరినట్టు. అంతవరకూ తగ్గినదంతా నీళ్లే. వేలితో నొక్కి చూసి ఆరింది అనుకోకూడదు, పైపొర గట్టిపడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది.

రెండో తూకం. కిలో పచ్చి బత్తీలు ముంచి, నూనె కారడం ఆగాక ఎంత తూగుతున్నాయో చూడు. మాకు కిలో సరుకు కిలో మూడు వందల గ్రాముల దగ్గర ఉంటుంది. అంతకంటే ఎక్కువైతే నేను ఆ సరుకుని పక్కన పెడతాను.

ఇంకొకటి చెప్పు. ముంచిన కట్టను ఎలా నిలబెడుతున్నావు? పిండి ఉన్న వైపు పైకా, కిందకా?

పాడేరు పిల్లగాడు | ఆగస్టు 20, మధ్యాహ్నం 12:40

మాస్టారూ, చిన్న సందేహం. మా ఊళ్లో కొందరు ఆడవాళ్లకి చేత్తో చుట్టడం నేర్పించారు. వాళ్లు ముద్ద మెత్తగా చపాతీ పిండిలా కలిపేవారు. లక్ష్మి గారు పది కిలోలకి ఆరున్నర లీటర్లు అంటున్నారు, మిషనుకి అది ఎక్కువా?

బత్తిల మాస్టారు | ఆగస్టు 20, మధ్యాహ్నం 1:05

మంచి ప్రశ్న. చేత్తో చుట్టడానికి ముద్ద మెత్తగానే ఉండాలి, లేకపోతే అరచేతి కింద పుల్ల మీద సాగదు. పీట మీద పొడి జిగట్ చల్లి, దాని మీద దొర్లిస్తే పైతడి కాస్త అది పీల్చుకుంటుంది. మిషను పిండి అలా ఉండకూడదు. గుప్పిట్లో పట్టి నొక్కితే ముద్ద కావాలి, బొటనవేలితో నొక్కితే విరగాలి. దీపావళికి చేసే సున్నుండ పిండిని తలుచుకోండి. చేతికి తడి అంటుకోకూడదు. ఆరున్నర లీటర్లు వేసవిలో సరిపోతుంది. వానాకాలంలో కట్టెపొడి బస్తాలో ఉండగానే తేమ పట్టి ఉంటుంది, కాబట్టి అరలీటరు, ముప్పావు లీటరు తగ్గించి, గుప్పిట పట్టి చూస్తూ పోసుకోవాలి. లెక్క కంటే గుప్పిట నిజం చెబుతుంది.

నీళ్లు మరీ తగ్గిస్తే మిషను నాజిల్ దగ్గర ఇరుక్కుంటుంది, బత్తి మీద పగుళ్లు వస్తాయి, అది ఇంకో తంటా.

గాజువాక లక్ష్మి | ఆగస్టు 23, ఉదయం 10:30

మూడు రోజులు పట్టింది, క్షమించాలి. నిన్న గానీ కాస్త ఎండ రాలేదు. లెక్కలు ఇవి.

వంద బత్తీలు మొదట 104 గ్రాములు. మర్నాడు 98. ఆ మర్నాడు 95. ఇవాళ పొద్దున కూడా 95. అంటే వందకి తొమ్మిది గ్రాముల నీళ్లు. పుల్ల బరువు తీసేస్తే పిండిలో ఉన్నది ఇంకా ఎక్కువ లెక్క అన్నమాట. రెండు రోజులు ఫ్యాను కింద పెట్టి ఆరాయి అనుకున్నవే ఇవి!

ముంచాక తూకం: కిలో సరుకు కిలో 460 గ్రాములు వచ్చింది. మా తోడికోడలు బాగా వాసన పట్టాలని రాత్రంతా కట్టని సెంటులోనే వదిలేస్తోందట. నాకు ఇప్పుడే చెప్పింది.

కట్ట నిలబెట్టేది పిండి వైపు పైకి. పుల్ల వైపు కింద, బకెట్‌లో.

బత్తిల మాస్టారు | ఆగస్టు 23, ఉదయం 11:48

ఇక దాచేదేం లేదు. మూడు అంగుళాల దగ్గరే ఎందుకు ఆరుతున్నాయో ఇప్పుడు చూడు.

కట్టగా కట్టి ఫ్యాను కింద పెట్టావు. దారం పుల్ల వైపు బిగించి ఉంటుంది, పై చివరలు కాస్త విడిపోయి గాలి తగులుతాయి. దారం దగ్గరి పిండి ఒకదానికొకటి ఆనుకుని ఉంటుంది, అక్కడికి గాలి వెళ్లదు. పైనుంచి కిందికి సగం ఆరింది, కింద సగం పచ్చి. పచ్చి బత్తీలు కూడా అక్కడే ఆరిపోవడానికి అదే కారణం. దానికి తోడు ముంచాక పిండి వైపు పైకి నిలబెట్టావు, మిగిలిన డీఈపీ అంతా జారి ఆ కింది భాగానికే చేరింది. తేమా అక్కడే, నూనే అక్కడే. నిప్పు పైన పొడిగా ఉన్నంతవరకు హాయిగా వచ్చి, ఆ తడి గట్టు దగ్గర ఆగిపోయింది. బొగ్గుదీ తప్పు కాదు, జిగట్‌దీ కాదు.

మరి వేసవిలో ఎందుకు రాలేదంటావు. మేలో కట్ట మధ్యకి కూడా వేడి వెళ్లి ఆరిపోయేది, కాబట్టి నూనె ఎక్కువైనా బత్తి భరించింది. ఇప్పుడు రెండూ కలిశాయి.

మూసిన గదిలో ఫ్యాను తిప్పితే ఉన్న తడి గాలే తిరుగుతుంది. మా దగ్గర వానాకాలానికి చిన్న గది ఉంది. వలలు బిగించిన చెక్క ట్రేలు, వాటి మీద బత్తీలు ఒకే వరసలో, గదిలో పాతకాలపు 100 వాట్ల బల్బులు నాలుగు, పైన గాలి బయటకి తోసే ఫ్యాను. వేడెక్కిన గాలి తడిని పట్టుకుని బయటకి పోతుంది. బల్బుకీ ట్రేకీ మధ్య మూర దూరం ఉండాలి, బొగ్గుపొడి ఉన్న గది అది, మరిచిపోకు. సెంటు వేశాక మాత్రం ఆ గదిలో పెట్టకూడదు. వేడికి వాసన ఎగిరిపోతుంది, నీడలోనే ఆరాలి.

ముంచడం కొన్ని సెకన్ల పని. ఎండిన బత్తి చటుక్కున పీలుస్తుంది. తీశాక పిండి వైపు కిందకి, జల్లెడ మీద ఒక గంట వాల్చి ఉంచు, కారేది కారనివ్వు. ఆ కారింది మళ్లీ వాడుకోవచ్చు. మీ తోడికోడలితో చెప్పు, రాత్రంతా నానబెట్టడానికి అవి శనగలు కావు.

సీతమ్మధార శాంతి | ఆగస్టు 23, మధ్యాహ్నం 12:20

మాస్టారు గారూ, నేను పూల చర్చ వేరేగా పెట్టాను, ఎవరూ రాలేదు.

పరవాడ కిట్టు | ఆగస్టు 23, సాయంత్రం 6:11

తూకం లెక్క చూసి ముచ్చటేసింది. ఫ్యాక్టరీలో మేం చేసేదీ అదే, బరువు నిలకడ అయ్యేదాకా ఆరబెట్టడం. కానీ డీపీజీ విషయంలో నా మాట నేను వెనక్కి తీసుకోవడం లేదు.

బత్తిల మాస్టారు | ఆగస్టు 23, రాత్రి 7:02

తీసుకోవద్దు బాబూ. చలికాలం రానివ్వండి, నేనే ఒక కిలో చేసి చూస్తాను.

గాజువాక లక్ష్మి | సెప్టెంబరు 2, ఉదయం 9:15

వల ట్రేలు చేయించాం, పాత బీరువా గదిలో బల్బులు పెట్టాం. నీళ్లు ఐదు లీటర్ల ముప్పావుకి తగ్గించాం. వందకి తూకం నిలిచేదాకా ఆగి, అప్పుడే ముంచాం. ముంచిన కిలో కిలో 310 దగ్గర ఆగింది. నిన్న ఇరవై వెలిగించాను. పంతొమ్మిది చివరి దాకా కాలాయి, ఇరవై ఎనిమిది నిమిషాల అటూ ఇటూ. సెంటు ఖర్చు కూడా తగ్గింది, ఇన్నాళ్లూ డబ్బు బకెట్‌లో పోశాం అని మా తోడికోడలు ఒప్పుకుంది, అదే పెద్ద విజయం.

ఆ ఇరవయ్యోది మాత్రం పైనుంచి రెండు అంగుళాల దగ్గర ఆరింది. అక్కడ గిల్లి చూస్తే లేతరంగు ఉండ ఒకటి ఉంది, ఆవగింజంత. అది జిగట్ ఉండేనా మాస్టారూ? పొడులు కలిపాక జల్లెడ పడుతూనే ఉన్నాం.

బత్తిల మాస్టారు | సెప్టెంబరు 2, ఉదయం 10:40

జిగట్ కావచ్చు, కట్టెపొడి పీచు కావచ్చు. నీళ్లు పోశాక కట్టే ఉండ పొడి జల్లెడకి దొరకదు. నీళ్లు ఒకేసారి పోస్తున్నారా, చల్లుతూ కలుపుతున్నారా?

గాజువాక లక్ష్మి | సెప్టెంబరు 2, ఉదయం 10:52

మగ్గుతో ఒకేసారి.